మిత్రుడి బాధ కింద ఏం రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ గడియారం సెంటర్‌కు కొంచెం దూరంలో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి పత్రికలు, దశదినకర్మ కార్డులు, సంతాప ఫ్లెక్సీలు చేసిస్తాను. నా కంప్యూటర్‌లో ‘అశ్రునివాళి’ పేరుతో ఒక ఫైలు ఉంటుంది. ఫోటో, పేరు, రెండు తేదీలు మార్చితే చాలు, ఎవరి ఫ్లెక్సీ అయినా పది నిమిషాల్లో తయారవుతుంది. ‘తీరని లోటు’, ‘శోకతప్త హృదయాలతో’, ‘మీ ఆశయాలు కొనసాగిస్తాం’ అన్నీ అందులో ముందే ఉంటాయి. ఆశయం అనే మాట జీవితంలో ఒక్కసారి కూడా పలకని మనిషికి కూడా అవే పడతాయి.

అందుకేనేమో, వచ్చినవాళ్ళు పని అయ్యాక ఫోను నా వైపు తిప్పి అడుగుతుంటారు: “మా దోస్తు వాళ్ళ నాన్న చనిపోయాడని పోస్టు పెట్టాడు. కింద ఏం రాయాలి? అందరూ రాసేది కాకుండా చెప్పు.” అలా ఎక్కువసార్లు విన్న ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి.

అందరూ రాసేదే రాస్తే తప్పేమిటి?

తప్పేమీ లేదు. చావింటికి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడలేనివాడు కూడా గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వస్తాడు. వచ్చాడన్నది ఇంటివాళ్ళకు గుర్తుంటుంది. ‘ఓం శాంతి’ రాయడం అలా నిలబడి రావడం లాంటిదే. ఆఫీసులో పరిచయం, పాత క్లాస్‌మేట్, ఊరివాడు అయితే అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా. పెద్దగా పరిచయం లేనివాడు పేజీ నిండా రాస్తే చదివేవాళ్ళకే ఇబ్బంది.

చిక్కంతా దగ్గరివాళ్ళు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయినప్పుడు వస్తుంది. మా అమ్మ పోయినప్పుడు నేను పెట్టిన ఫోటో కింద రెండు వందల దాకా మాటలు వచ్చాయి. నాలుగో రోజు రాత్రి, చుట్టాలంతా పడుకున్నాక, మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. వేలు ఆగకుండా జరుగుతూనే ఉంది. ఒక చోట ఆగింది. మా పాత వీధిలో ఉండే ఒకాయన ఇలా రాశాడు: “మీ అమ్మ మా ఆవిడకు మామిడికాయ పచ్చడి ఇచ్చి, ‘డబ్బా మాత్రం తిరిగి ఇవ్వాలి’ అని మూడుసార్లు చెప్పింది. ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది.” నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. అది మా అమ్మే. డబ్బాల విషయంలో ఆమె ఎవరినీ నమ్మేది కాదు. మిగతా మాటలన్నీ ‘ఒక తల్లి’ గురించి రాసినవి. ఇదొక్కటి మా అమ్మ గురించి. పెద్దకర్మ నాడు ఆయన ఆ డబ్బా తెచ్చి ఇచ్చాడు.

అలాంటి మాట ఎలా దొరుకుతుంది? ఒక ఉదాహరణ చూపించగలరా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే ఒక కుర్రవాడు ఏదో కార్డు పని మీద వచ్చాడు. దేవరకొండ వైపు ఊళ్ళో ఉండే అతని మిత్రుడు ఆ పొద్దునే పెట్టాడు: “నాయన నిన్న రాత్రి వెళ్ళిపోయాడు. రేపు పది గంటలకు ఊళ్ళో.” అంతే ఉంది. మనవాడు ఇలా రాసి, పంపే ముందు నాకు చూపించాడు:

“మీ తండ్రిగారి మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. ధైర్యంగా ఉండు మిత్రమా. ఏ అవసరం ఉన్నా ఫోన్ చెయ్యి.”

నా ఫైలులోనుంచి తీసినట్టే ఉంది. ఒక్కొక్క వాక్యం పట్టుకుని అడిగాను.

“దిగ్భ్రాంతి ఎందుకు? నీకు తెలియదా?” తెలుసు. ఆయన ఎనిమిది నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఇతను రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడు కూడా. మరి ఆ మాట అబద్ధమే కదా. తండ్రిని వారానికి రెండుసార్లు బస్సులో తీసుకెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, తిరిగి తెచ్చిన కొడుకు ‘దిగ్భ్రాంతి’ అన్న మాట చదివితే, తన ఎనిమిది నెలలు ఎవరికీ తెలియవనుకుంటాడు.

“ఆయనను నువ్వు ఏమని పిలిచేవాడివి?” కాకా అని. మిత్రుడేమో నాయన అంటాడు. ‘తండ్రిగారు’ అన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. చనిపోయిన మర్నాటినుంచి మనిషిని తండ్రిగారిని చేస్తే పరాయివాడైపోతాడు.

‘ధైర్యంగా ఉండు’ గురించి కింద వేరే ప్రశ్న ఉంది. ఇక ‘ఏ అవసరం ఉన్నా ఫోన్ చెయ్యి’ మంచి మనసుతో అన్న మాటే. కానీ పాడె ఎవరు కట్టాలి, చుట్టాలకు టెంటు ఎక్కడ దొరుకుతుంది అని చూసుకుంటున్నవాడికి అది ఇంకొక పని. తనకేం కావాలో తనే ఆలోచించి, ఎవరిని అడగాలో తనే తేల్చుకుని, అడగాలి. మన వైపు ఎవరూ అలా అడగరు, మొహమాటం.

అప్పుడు అడిగాను: “కాకా అనగానే నీకు కనపడేది ఏమిటి? మంచివాడు, కష్టజీవి అని చెప్పకు. కళ్ళకు కనపడేది చెప్పు.” కాసేపు ఆలోచించాడు. డిగ్రీ పరీక్షలప్పుడు వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాడట. రాత్రి చివరి బస్సుకు దిగితే స్టేజీ దగ్గర కాక టార్చిలైటుతో నిలబడి ఉండేవాడు. ఎలా రాశారని కూడా అడిగేవాడు కాదు. ముందు నడుస్తూ, లైటు మాత్రం వెనక్కి పట్టుకునేవాడు, వీళ్ళ కాళ్ళ ముందు వెలుతురు పడేట్టు.

అదే రాయమన్నాను. చివరికి పంపింది ఇది:

“కాక టార్చి వెనక్కి పట్టుకుని ముందు నడిచేవాడు, మన కాళ్ళ దగ్గర వెలుతురు పడాలని. పరీక్షలప్పుడు రాత్రి బస్సు దిగిన ప్రతిసారీ అంతే. ఈ ఎనిమిది నెలలు నువ్వు ఆయనను ఎలా చూసుకున్నావో నేను చూశాను. రేపు ఎనిమిదికల్లా ఊళ్ళో ఉంటాను, నీళ్ళ క్యాన్లు నేను తెస్తున్నాను. దీనికి జవాబు రాయకు.”

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. చనిపోయిన మనిషి చేసిన పని ఒకటి ఉంది. బతికి ఉన్నవాడు చేసిన పని ఒకటి ఉంది, అది కూడా స్వయంగా చూసి చెప్పినది. తను చేయబోయేది టైముతో సహా ఉంది. ఆఖరున జవాబు బరువు తీసేశాడు. ఈ నాలుగూ ప్రతిసారీ కుదరవు. మొదటిది దొరికితే మిగతావి లేకపోయినా నిలబడుతుంది.

ఇంకొకటి గమనించండి. ‘నాకు చాలా బాధగా ఉంది’ అని అతను ఎక్కడా రాయలేదు. లైటు సంగతి గుర్తు పెట్టుకున్నవాడికి బాధగా ఉందని వేరే చెప్పక్కర్లేదు.

చనిపోయిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు?

మీ మిత్రుడు చెప్పగా విన్నది ఉంటుంది కదా. “సెలవులనుంచి వచ్చేటప్పుడు నువ్వు సంచి నిండా బత్తాయిలు తెచ్చేవాడివి. మీ నాన్న ఏరి పెట్టారని చెప్పేవాడివి. ఆయనను చూడలేదు కానీ ఆ కాయలు తిన్నాను.” ఇది చాలు.

అదీ లేకపోతే లేనట్టే రాయండి: “మీ అమ్మను నేను చూడలేదు. ఎప్పుడైనా ఆమె గురించి చెప్పాలనిపిస్తే వింటాను.” లేని జ్ఞాపకం మాత్రం కల్పించకండి. ఒకాయన తను ఎన్నడూ కలవని మనిషి గురించి ‘ఎప్పుడు కలిసినా నవ్వుతూ పలకరించేవారు’ అని రాశాడు. ఆ చనిపోయిన పెద్దమనిషి నవ్వడం ఇంట్లోవాళ్ళు కూడా చూడలేదట. ఆ మాటకు ఇంట్లో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. ఒక రకంగా అదీ ఓదార్పే అయింది, కానీ అలా ఓదార్చాలని ఎవరూ కోరుకోరు.

‘ధైర్యంగా ఉండు’ అనడంలో తప్పేముంది?

అది ఆజ్ఞ. ఏడవాల్సిన రోజున ఏడవకుండా ఉండమని చెప్పడం. చావింట్లో పెద్దవాళ్ళు ఈ మాట అంటారు, నిజమే. కానీ వాళ్ళు భుజం మీద చెయ్యి వేసి అంటారు. ఆ చెయ్యి చెప్పేది వేరు, నోరు చెప్పేది వేరు. తెర మీద చెయ్యి ఉండదు, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. పెద్దకొడుక్కి అయితే ఇది ఇంకా బరువు. “నువ్వే ఇలా అయిపోతే అమ్మను ఎవరు చూస్తారు” అని అప్పటికే పది మంది అని ఉంటారు.

‘వయసు అయిపోయింది కదా’, ‘మంచాన పడకుండా పోయాడు, అదృష్టవంతుడు’ అన్నవీ ఈ జాతివే. నిజాలే కావచ్చు. ఇంటివాళ్ళు తమంతట తాము అంటే “అవును” అనవచ్చు. ముందుగా మనం అంటే, ‘నీ నష్టం అంత పెద్దది కాదు’ అని లెక్క కట్టి చెప్పినట్టు ఉంటుంది. తొంభై ఏళ్ళ తల్లి పోయినా, పొద్దున లేచి చూస్తే ఆ మంచం ఖాళీగానే ఉంటుంది.

చావింటికి వెళ్తే ‘ఎలా జరిగింది’ అని అడుగుతాం కదా. రాతలో అడగవచ్చా?

వద్దు. మన పలకరింపు పద్ధతిలో ఆ ప్రశ్నకు చోటు ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, ఇంటివాళ్ళు మొదటినుంచి చెబుతారు. “పొద్దున చాయ్ తాగాడు, బాగానే ఉన్నాడు, పదకొండింటికి కడుపులో నొప్పి అన్నాడు…” మూడో రోజుకల్లా నలభై సార్లు చెప్పి ఉంటారు. అలా చెప్పగా చెప్పగా జరిగింది జరిగినట్టు మనసుకు పడుతుంది. అడిగినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉంటారు, మధ్యలో ఏడుపొస్తే ఆగుతారు, మంచినీళ్ళు ఇస్తారు.

అదే ప్రశ్న అందరూ చదివే చోట రాస్తే విచారణ అవుతుంది. ‘ఏ ఆసుపత్రి?’, ‘అక్కడికి ఎందుకు తీసుకెళ్ళారు?’, ‘ముందే చూపించలేదా?’ అని మాట మీద మాట పెరుగుతుంది. చివరికి తప్పు ఎవరిదో తేల్చే పంచాయితీ అవుతుంది. హఠాత్తుగా పోయినవాళ్ళ విషయంలో, ముఖ్యంగా చిన్న వయసువాళ్ళ విషయంలో, కారణం రాయలేదంటే రాయడం ఇష్టం లేదని అర్థం. తెలుసుకోవాలని అంతగా ఉంటే ఇంటికి వెళ్ళండి. వెళ్ళలేనంత దూరమైతే, తెలుసుకోవలసినంత దగ్గరివాళ్ళు కాదేమో చూసుకోండి.

నాకూ అదే కష్టం వచ్చింది. చెప్పుకోవచ్చా?

ఒక్క వాక్యం, ఆ వెంటనే వాళ్ళ దగ్గరికి తిరిగి రావాలి. “మా నాన్న పోయి నాలుగేళ్ళు. నాకు సాయంత్రాలు కష్టంగా ఉండేవి. నీకు ఏ వేళ కష్టంగా ఉంటే ఆ వేళ ఫోను చెయ్యి, ఎత్తుతాను.” ఇది ఓదార్పు. అదే మీ నాన్న జబ్బు, ఆసుపత్రి బిల్లు, తమ్ముళ్ళ గొడవ మొదలైతే, చదివేవాడు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

అమెరికాలో సూసన్ సిల్క్ అనే మనస్తత్వ నిపుణురాలు దీనికి ఒక తేలిక పద్ధతి చెప్పింది. ఆమెకు ఆపరేషన్ అయ్యాక తోటి ఉద్యోగి ఒకరు చూడటానికి వస్తానంటే, ఇప్పుడు వద్దని చెప్పింది. “ఇది నీ ఒక్కదాని విషయం కాదు” అని ఆ ఉద్యోగి నొచ్చుకుంది. ఆ అనుభవం నుంచి పుట్టిన ఆలోచనను 2013లో ఒక పత్రికా వ్యాసంలో రాసింది. నేలమీద ఒక చిన్న గుండ్రం గీసి కష్టంలో ఉన్న మనిషిని అందులో పెట్టాలి. దాని చుట్టూ ఇంకో గుండ్రంలో భార్యాపిల్లలు, దాని బయట అన్నదమ్ములు, ఆ బయట స్నేహితులు, ఇంకా బయట పరిచయస్తులు. ఓదార్పు ఎప్పుడూ లోపలికి వెళ్ళాలి, మన ఏడుపు, మన ఫిర్యాదు బయటి గుండ్రానికి వెళ్ళాలి. మిత్రుడి తండ్రి పోతే మీకూ ఏడుపు రావచ్చు. అది మీ ఇంట్లో ఏడవండి, ఆ కొడుకు ముందు కాదు.

ఓటమి సంగతి వేరు కదా? ఎవరూ చనిపోలేదు.

వేరే. చావు విషయంలో ఎవరూ ‘నీ తప్పు’ అని పైకి అనరు. ఓటమి విషయంలో అందరూ మెల్లగా అదే అంటారు, సలహా రూపంలో.

మా చిన్నమ్మ కొడుకు కల్వకుర్తి దగ్గర వ్యవసాయం చేస్తాడు. ఒక వేసవిలో ఫోటో పెట్టాడు. బోరు వేసే రిగ్గు బండి, చుట్టూ పత్తి కట్టెల మీద పరుచుకున్న తెల్ల దుమ్ము. పైన రెండే మాటలు: “మూడోది కూడా.” మన వైపువాళ్ళకు ఆ దుమ్ము చూస్తే అర్థమవుతుంది. నీళ్ళు పడితే బురద చిమ్ముతుంది. పడకపోతే రాతి పొడి వస్తుంది, రాత్రంతా వస్తూనే ఉంటుంది, అడుగుకింత లెక్కన డబ్బు పోతూనే ఉంటుంది.

కింద వచ్చిన మాటలు చూడండి. ‘ఓటమి గెలుపుకు తొలిమెట్టు.’ బోరుకు మెట్లేమిటి? ‘పాయింటు ఎవరు చూశారు?’ అంటే తప్పుడు మనిషిని నమ్మావని. ‘మా చేనులో రెండు వందల అడుగులకే పడింది.’ దీనికి ఏమనాలో నాకు తెలియదు. ‘ఇంకో వంద అడుగులు వేయాల్సింది.’ అన్నింటిలోకీ క్రూరమైనది ఇదే. ఎందుకంటే ఆ రాత్రి మూడు గంటలకు రిగ్గువాడు ‘ఆపమంటారా?’ అని అడిగినప్పుడు, ఆపమన్నది వాడే. ఆ నిర్ణయం వాడిని ఇంకా తింటూ ఉంటుంది.

ఇలాంటి చోట ఓదార్చాలంటే విషయం కొంచెం తెలిసి ఉండాలి. నల్లగొండ, పాలమూరు నేల కింద ఎక్కువ భాగం గట్టి రాయి. పైన మెత్తబడిన పొర దాటాక, రాతిలో పగుళ్ళు ఉన్న చోటే నీళ్ళు ఉంటాయి. అందుకే ఒక బోరులో నీళ్ళు పడి, నాలుగు గజాల అవతల వేసినది ఎండిపోవచ్చు. కొబ్బరికాయ పట్టినా, యంత్రం పెట్టి చూసినా, ఫలానా చోట ఫలానా లోతులో పగులు తగులుతుందని ఎవరూ పూర్తి హామీ ఇవ్వలేరు. ఈ సంగతి తెలిసినవాడు ‘ఇంకో వంద అడుగులు’ అనడు. నేను రాసింది ఇది:

“దుమ్ము చూశాను. రాత్రంతా నిలబడి ఉంటావు. ఎక్కడ ఆపాలో ఆ రాత్రి ఎవరున్నా నీలాగే ఆపేవాళ్ళు, రాయి లోపల ఏముందో పైనుంచి ఎవరికి కనపడుతుంది? శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. చిన్నమ్మకు చెప్పు, జొన్నరొట్టె చేయమని.”

రొట్టె మాట కావాలనే రాశాను. పరామర్శకు వస్తున్నానంటే ఇంట్లో ఇంకొక చావు వాతావరణం. రొట్టె తినడానికి వస్తున్నానంటే మామూలు చుట్టరికం.

డబ్బు మాట ఒక్కటి కూడా రాయలేదు, అది ముఖ్యం. ‘ఎంత అప్పు అయింది?’, ‘నేను సర్దుతాను’ లాంటివి అందరూ చదివే చోట రాయకూడదు. ఆ మాటలు అప్పు ఇచ్చినవాడూ చదువుతాడు, చెల్లెలికి సంబంధం చూస్తున్నవాళ్ళూ చదువుతారు. ఇవ్వదలచుకుంటే ఇచ్చిరండి, చేతిలో చేతికి.

పరీక్ష పోయినవాళ్ళకు ఏం రాయాలి?

‘వచ్చేసారి తప్పకుండా కొడతావు’ అని రాయకండి. వచ్చేసారి రాస్తాడో లేదో వాడింకా తేల్చుకోలేదు. గ్రూప్-1 సంగతే తీసుకోండి. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపరు లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్‌కు ఇంకోసారి రాశారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో చిన్న గదిలో ఉండి ఈ మూడూ రాసి, మూడోసారి పోయినవాడికి ‘ప్రయత్నిస్తూనే ఉండు’ అనడం ఎలా ఉంటుంది?

చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి. “మూడుసార్లు అదే సిలబస్ మొదటి పేజీనుంచి తెరిచావు. రెండుసార్లు పోయింది నీవల్ల కాదు. ఇప్పుడు ఏం చేస్తావని నేను అడగను, నువ్వు చెప్పినప్పుడు వింటాను.” అంతకంటే ఎక్కువ వద్దు. ఉద్యోగం సలహా, ప్రైవేటు కంపెనీలో మీ బావ పరిచయం, ఇవన్నీ నెల తర్వాత.

భాష ఎలా ఉండాలి? పుస్తకాల భాషా, మాట్లాడే భాషా?

ఆ మనిషితో మీరు ఏ భాషలో మాట్లాడతారో అదే. రోజూ ‘అరేయ్’ అని పిలిచేవాడిని ఈ ఒక్క రోజు ‘మీ కుటుంబ సభ్యులకు నా ప్రగాఢ సానుభూతి’ అంటే, మీ ఇద్దరి మధ్య గోడ కట్టినట్టు ఉంటుంది. వరుసలు కూడా అంతే. అక్క, బావ, పెద్దమ్మ, కాక, ఏ వరుస పెట్టి పిలుస్తారో అదే రాయండి. పెద్దవాళ్ళకైతే ‘మీరు’ సరే.

మతం విషయంలో జాగ్రత్త. ముస్లిం మిత్రుడికి, క్రైస్తవ మిత్రుడికి ‘సద్గతి’, ‘ఓం శాంతి’ రాయడం అలవాటులో జరిగిపోయే పొరపాటు. వాళ్ళ ప్రార్థనా వాక్యం మీకు సరిగ్గా తెలిస్తే రాయవచ్చు. తెలియకపోతే, కాక లైటు లాంటి జ్ఞాపకానికి ఏ మతమూ లేదు.

చేతులు జోడించిన బొమ్మ ఒక్కటి పెడితే?

దూరపువాళ్ళయితే పెట్టండి. దగ్గరివాళ్ళయితే అది ఫోటోకు దండం పెట్టి భోజనానికి వెళ్ళినట్టు.

నెల దాటిపోయింది. ఇప్పుడు రాస్తే గాయాన్ని కెలికినట్టు కాదా?

కాదు. వాళ్ళు మరిచిపోయి ఉంటే కదా మీరు గుర్తు చేయడానికి. పదకొండో రోజు దాకా ఇంటినిండా మనుషులు. దగ్గరి చుట్టాలు నిద్రకు తీసుకెళ్తారు. తర్వాత టెంటు తీసేస్తారు, కుర్చీలు వెళ్ళిపోతాయి, ఫోను మోగదు. అప్పుడు వచ్చే మాటకే విలువ ఎక్కువ. ‘ఆలస్యానికి క్షమించు’ అని పెద్ద సంజాయిషీ అక్కర్లేదు, నేరుగా విషయానికి రండి.

నేనైతే ఫోనులో పెత్రమాస తేదీ పెట్టుకుంటాను. ఆ రోజు పెద్దలకు పెట్టుకుంటారు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తల్లి పోయిన ఇంటి ఆడపిల్లకు ఆ ఒక్క రోజులో రెండూ వస్తాయి. పొద్దున అమ్మకు పెట్టాలి, సాయంత్రం అమ్మ లేకుండా పూలు పేర్చాలి. గత ఏడాది అలాంటి ఒక చెల్లెలికి “మీ అమ్మ గునుగుపూలకు రంగు అద్దితే చేతులు వారం దాకా ఎర్రగా ఉండేవి” అని రాశాను. మర్నాడు తన చేతుల ఫోటో పంపింది.

రాశాను, జవాబు రాలేదు. కోపమొచ్చిందా?

లేదు. చదివి ఉంటారు. మళ్ళీ ‘చూశావా?’ అని అడగకండి.

అది మామూలు బాధలా లేదు, భయం వేసేలా రాశాడు. అప్పుడు?

‘ఇక నా వల్ల కాదు’, ‘అందరికీ భారమయ్యాను’, ‘ఇదే చివరిది’ లాంటివి కనపడితే కింద ఏదీ రాస్తూ కూర్చోకండి. వెంటనే ఫోను చెయ్యండి. ఎత్తకపోతే ఆ ఊళ్ళో దగ్గరున్నవాళ్ళకు చేసి ఇంటికి పంపండి. ఎత్తితే సూటిగా అడగండి: “చనిపోవాలని ఆలోచన వస్తోందా?” అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. తర్వాత మీరు ఉపన్యాసం ఇవ్వకుండా వినాలి. మనిషి పక్కన మనిషి ఉండాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 112. ఇంటర్ ఫలితాల రోజుల్లో పిల్లల రాతలను ఈ కంటితోనే చూడండి, ‘నాటకాలు’ అని కొట్టిపారేయకండి.

అప్పటికే ఏదో తప్పుగా రాసేశాను. తీసేయాలా?

ఎవరూ చదవలేదనిపిస్తే తీసేయండి. చదివారంటే, దాని కిందే మళ్ళీ సంజాయిషీ రాయకుండా, విడిగా ఒక్క ముక్క పంపండి: “నిన్న నేను రాసింది బాగా లేదు. క్షమించు.” కారణాలు చెప్పకండి, ‘నా ఉద్దేశం అది కాదు’ అని వాదించకండి. నేనూ ఒకసారి, బిడ్డ పోయిన ఇంటికి ‘దేవుడికి ఇష్టమైనవాళ్ళనే తీసుకుపోతాడు’ అని రాశాను. ఆ తండ్రి నాకు ఫోను చేసి, మెల్లగా, “అన్నా, మాకు కూడా ఇష్టమే కదా” అన్నాడు. అప్పటినుంచి దేవుడి తరఫున మాట్లాడటం మానేశాను.

మరి మీరు ఫ్లెక్సీల మీద అవే పాత మాటలు కొడుతున్నారు కదా?

కొడుతున్నాను. ఫ్లెక్సీ రోడ్డుమీద వెళ్ళేవాళ్ళకు. ఎవరు పోయారు, కర్మ ఎప్పుడు, భోజనాలు ఎక్కడ, అంతే దాని పని. బండి మీద వెళ్తూ చదవాలి.

ఒక్కసారి మాత్రం ఒక అమ్మాయి వచ్చి, వాళ్ళ నానమ్మ ఫ్లెక్సీ మీద ‘అశ్రునివాళి’ తీసేసి, ‘తిన్నావా బిడ్డా’ అని కొట్టమంది. వాకిట్లోకి ఎవరు వచ్చినా ఆ ముసలామె మొదటి మాట అదేనట. సాయంత్రం వాళ్ళ పెదనాన్న వచ్చాడు, నలుగురూ ఏమనుకుంటారని గొడవ చేశాడు. చివరికి రెండు ఫ్లెక్సీలు కొట్టించుకున్నారు, రోడ్డు మీదికి అశ్రునివాళి, భోజనాల దగ్గరికి నానమ్మ మాట. రెండింటికీ ఒకటే ధర తీసుకున్నాను.